రాత్రి వీడియోలో బల్బులు ఎందుకు వణుకుతాయి?

(వీడియోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రొజెక్టర్ పనిచేస్తున్నప్పుడే మొదలుపెట్టేద్దాం, మళ్ళీ అది మొరాయిస్తే కష్టం. ముందు ఒక పదకొండు సెకన్ల వీడియో చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

చూశారుగా. ఇది మా మేనమామ కొడుకు పెళ్ళి ఊరేగింపు. రాత్రి పదిన్నర అయ్యింది, గింబల్ బ్యాటరీ చచ్చిపోయింది. ఇరుకు సందు. ఫోన్ చేత్తో పట్టుకుని, వెనక్కి నడుస్తూ తీశాను. స్క్రీన్ మీద నడిచే మనిషి బొమ్మ ఉంటుందే, ఆ గట్టి స్టెబిలైజేషన్ మోడ్ ఆన్ చేశాను. ఇంక ఢోకా లేదనుకున్నాను. మర్నాడు టీవీలో పెట్టి చూస్తే మా అత్త అంది, "ఏరా, ఆ లైట్లకి చలిజ్వరమేమన్నా వచ్చిందా, అలా వణుకుతున్నాయి?" అని. (నవ్వులు)

అత్త సరిగ్గానే పట్టుకుంది. ఫ్రేము ఎక్కడా ఊగడం లేదు. కారు నిలకడగానే ఉంది, వెనకాల కరెంటు స్తంభం కూడా ఉన్నచోటే ఉంది. కానీ రెండు వైపులా కట్టిన సీరియల్ లైట్లు నా ప్రతి అడుక్కీ ఒకసారి సాగి, మళ్ళీ చుక్కల్లోకి వస్తున్నాయి. ఇప్పుడు ఆపి, ఫ్రేము ఫ్రేముగా జరుపుతాను. ఇదిగో ఇక్కడ బల్బు గుండ్రంగా చుక్కలా ఉంది. రెండు ఫ్రేములు ముందుకెళ్దాం. అదే బల్బు, తెర మీద అదే చోట, కానీ ఇప్పుడు కామాలా ఉంది. పక్క బల్బూ కామానే, దాని పక్కదీ కామానే, అన్నీ ఒకే వైపుకి వంగి ఉన్నాయి. ఇంకో నాలుగు ఫ్రేములు వెళ్తే మళ్ళీ చుక్కలు.

అంటే ఊపుని తీసేశారు, ఊపు వేసిన మచ్చ మాత్రం మిగిలిపోయింది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ కామా గురించే. ఇది అర్థమైతే ఊపు తగ్గించే రెండు పద్ధతులు, ఓఐఎస్ ఏం చేస్తుందో, ఈఐఎస్ ఏం చేస్తుందో, దాని వెనకే తెలిసిపోతుంది.

వీడియో అంటే సెకనుకి ముప్పై ఫొటోలు. రాత్రిపూట వెలుతురు చాలదు కాబట్టి ఒక్కో ఫొటోకి షటర్ ఇంచుమించు సెకనులో ముప్పయ్యో వంతు తెరిచే ఉంటుంది. అంటే ఒక ఫ్రేము అయిపోవడం, ఇంకోటి మొదలవడం, మధ్యలో సందే లేదు. ఇప్పుడు చెయ్యి కదిలిందనుకోండి. ఆ కదలిక రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి, ఈ ఫ్రేముకీ తర్వాత ఫ్రేముకీ మధ్య బొమ్మ స్థానం మారుతుంది. దాన్నే మనం ఊగడం అంటాం. రెండోది, ఒక్క ఫ్రేములోనే, షటర్ తెరిచి ఉన్న ఆ కాస్త సేపట్లో బొమ్మ జారుతుంది. దాన్ని బ్లర్ అంటాం. చెయ్యి ఒకటే, కదలిక ఒకటే, దెబ్బలు మాత్రం రెండు.

ఈఐఎస్, అంటే ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్, మొదటి దెబ్బకే మందు. వెలుతురు సెన్సర్ మీద పడటం అయిపోయాక, బొమ్మ తయారయ్యాక దాని పని మొదలవుతుంది. ఫోన్‌లో గైరోస్కోప్ అని ఒక చిన్న చిప్పు ఉంటుంది. ఫోన్ ఏ వైపుకి ఎంత వేగంగా తిరుగుతోందో సెకనుకి కొన్ని వందల సార్లు రాసిపెడుతూ ఉంటుంది. ఆ లెక్క చూసి, ఫోన్ కుడికి తిరిగినప్పుడు బొమ్మని ఆ మేరకు ఎదురు దిక్కుకి జరుపుతుంది. అలా జరపాలంటే చుట్టూ కాస్త ఖాళీ కావాలి కదా, అందుకే అంచులు కత్తిరించి మధ్య భాగమే మనకి చూపిస్తుంది. ఫొటో మోడ్ నుంచి వీడియోకి మార్చగానే సీను కొంచెం దగ్గరికొచ్చినట్టు అవుతుందే, అందులో పెద్ద భాగం ఆ కత్తిరింపే. ఇప్పటి ప్రోగ్రాములు ఇంకో తెలివి కూడా చూపిస్తాయి. కొన్ని ఫ్రేములు దాచుకుని, ముందు ఏం రాబోతోందో చూసుకుని, ఆ తర్వాతే ఈ ఫ్రేముని ఎక్కడ పెట్టాలో తేలుస్తాయి. మీరు నిజంగానే కెమెరా పక్కకి తిప్పుతున్నారా, లేక చెయ్యి తుళ్ళిందా అన్నది అలా పట్టుకుంటాయి.

ఇంత చేసినా కామా కామాగానే ఉంటుంది. ఎందుకంటారా? బస్సులో కూర్చుని, కాగితం తొడ మీద పెట్టుకుని నాలుగు పేజీల ఉత్తరం రాశారనుకోండి. ఇంటికొచ్చాక కాగితాలన్నీ అంచులు కలిపి, బల్ల మీద చక్కగా పేర్చొచ్చు. దాంతో అక్షరాల వంకర పోతుందా? ఈఐఎస్ పేర్చే పని చేస్తుంది. రాసేటప్పుడు చెయ్యి పట్టుకునే పని దానిది కాదు.

ఆ పని ఓఐఎస్‌ది, అంటే ఆప్టికల్ స్టెబిలైజేషన్‌ది. ఇదిగో, పాడైపోయిన ఫోన్ నుంచి తీసిన కెమెరా. ముందు వరసలో వాళ్ళు చేత్తో తీసుకుని చూడండి, వేలితో మెల్లిగా నొక్కితే లెన్సు కదులుతుంది. లెన్సు గట్టిగా బిగించి లేదు. సన్నటి తీగల మీదో, చిన్న గోళీల మీదో తేలుతూ ఉంటుంది. చుట్టూ అయస్కాంతాలు, తీగచుట్టలు. మన స్పీకరు కోను ఎలా కదులుతుందో ఇదీ అలాగే, కరెంటు ఇస్తే జరుగుతుంది. లెన్సు ఇప్పుడు ఎక్కడుందో చెప్పడానికి హాల్ సెన్సర్ ఉంటుంది. గైరో "ఫోన్ ఇటు తిరిగింది" అనగానే లెన్సు దానికి సరిపడా జరిగి, సెన్సర్ మీద బొమ్మ కదలకుండా ఆపుతుంది. షటర్ ఇంకా తెరిచి ఉండగానే, వెలుతురు ఇంకా పడుతుండగానే ఈ పని జరిగిపోతుంది. అందుకే చుక్క చుక్కగానే పడుతుంది.

ఇది ఫోన్లతో పుట్టింది కాదు. కెనాన్ వాళ్ళ 75-300 లెన్సులో 1995లోనే వచ్చింది. ఫోన్లలో 2012లో నోకియా లూమియా 920తో దీనికి పేరొచ్చింది. 2020లో ఐఫోన్ 12 ప్రో మ్యాక్స్‌లో లెన్సుకి బదులు సెన్సర్నే కదిలించారు. ఏది కదిలినా సూత్రం ఒకటే.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. ఆ లెన్సుకి ఉన్న గది చాలా చిన్నది. ఫోన్లో అది సరిదిద్దగలిగేది ఏ వైపుకైనా ఇంచుమించు ఒక డిగ్రీ, అంతే. నడుస్తుంటే మన చెయ్యి అంతకంటే ఎక్కువే ఊగుతుంది. లెన్సు గోడకి తగిలి, ఇంక జరగలేక ఆగిపోతుంది. అప్పుడు వీడియో తుళ్ళుతుంది. పైగా ఫోన్ లెన్సు పైకీ కిందకీ, కుడికీ ఎడమకీ జరగగలదు కానీ, స్టీరింగ్ తిరిగినట్టు ఫోనే తిరిగితే అది చేసేదేమీ లేదు. ఈఐఎస్ దాన్ని సులువుగా సరిచేస్తుంది, బొమ్మని తిరిగి తిప్పేస్తే చాలు కదా. అంటే ఒకరికి చోటు ఎక్కువ కానీ ఆలస్యంగా వస్తారు. ఇంకొకరు సమయానికే వస్తారు కానీ చోటు తక్కువ.

ఇప్పుడు నా వీడియోకి వద్దాం. కొంచెం లెక్క వేద్దాం, భయపడకండి, ఐదో తరగతి లెక్కే. ఫుల్ హెచ్‌డీ వీడియోలో, ఫోన్ మెయిన్ కెమెరా చూపించే వెడల్పులో, ఒక డిగ్రీ అంటే తెర మీద ఇంచుమించు 20 పిక్సెళ్ళు. నడకలో అడుగు పడినప్పుడు చెయ్యి సెకనుకి 10 డిగ్రీల వేగంతో తిరిగిందనుకుందాం. అంటే సెకనుకి 200 పిక్సెళ్ళు. షటర్ 1/30 సెకను తెరిచి ఉంటే బల్బు దాదాపు 7 పిక్సెళ్ళు జారుతుంది. అదే మన కామా. పట్టపగలు ఎండలో అయితే షటర్ 1/500 ఉంటుంది, అప్పుడు జారేది అర పిక్సెల్ కూడా కాదు. అందుకే పగలు తీసిన వీడియోలో ఈఐఎస్ అద్భుతంగా కనిపిస్తుంది. అది గొప్పగా చేస్తోందని కాదు, రెండో దెబ్బ అసలు తగల్లేదంతే.

గోప్రో లాంటి యాక్షన్ కెమెరాలు చూడండి. 2018లో హీరో7 బ్లాక్‌తో హైపర్‌స్మూత్ అని తెచ్చారు, అదంతా ఎలక్ట్రానిక్ పనే, లోపల తేలే లెన్సు లేదు. సైకిలు మీద గుట్ట దిగినా నున్నగా వస్తుంది. వైడ్ లెన్సు కాబట్టి కత్తిరించడానికి బోలెడు చోటుంది, పైగా ఎండ. అదే కెమెరాతో సాయంత్రం ఏడు దాటాక వీధిలో నడిచి చూడండి, సరిగ్గా ఇదే జ్వరం వస్తుంది.

మీలో ఎవరో మనసులో అడుగుతూ ఉంటారు: మరి నీ ఫోన్లో ఓఐఎస్ లేదా? ఉంది! పెట్టె మీద బంగారు రంగులో రాసి మరీ ఉంది. నాకు ఇది తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఓఐఎస్ ఉన్నది మెయిన్ కెమెరాకి. నేను వాడిన ఆ నడిచే మనిషి మోడ్, చాలా ఫోన్లలో లాగే, మెయిన్ కెమెరాని పక్కనపెట్టి అల్ట్రావైడ్‌కి మారిపోతుంది. ఎందుకంటే దానికి చూపు వెడల్పు, కత్తిరించుకోవడానికి చోటెక్కువ. ఆ అల్ట్రావైడ్‌కి మామూలుగా ఓఐఎస్ ఉండదు. పైగా సెన్సర్ చిన్నది, లెన్సులోంచి వచ్చే వెలుతురూ తక్కువ. అంటే ఉన్న మూడు కెమెరాల్లో రాత్రికి పనికిరానిదాన్ని, ఓఐఎస్ లేనిదాన్ని నేనే ఏరికోరి ఎంచుకున్నాను. దీన్ని మీరు మీ ఫోన్లో ఇప్పుడే పరీక్షించొచ్చు. ఆ మోడ్ ఆన్ చేసి, మెయిన్ లెన్సు మీద వేలు పెట్టండి. స్క్రీన్ మీద బొమ్మ చీకటి కాకపోతే మీరు వాడుతున్నది ఆ కెమెరా కాదు.

సరే, మరి రెండూ కలిపి వాడితే? అక్కడ ఒక చిక్కుంది, నాకు భలే నచ్చిన చిక్కు. ఫోన్ ఒక డిగ్రీ తిరిగిందని గైరో చెప్పింది. ఓఐఎస్ ఆ డిగ్రీని అప్పటికే సరిచేసేసింది. ఈ సంగతి తెలియని ఈఐఎస్ కూడా గైరో మాట విని మళ్ళీ ఒక డిగ్రీ సరిచేసిందనుకోండి. ఏమవుతుంది? బొమ్మ ఎదురు దిక్కుకి ఊగుతుంది. లేని రోగానికి మందు వేసినట్టు. గూగుల్ వాళ్ళ మొదటి పిక్సెల్ ఫోన్ 2016లో వచ్చినప్పుడు అందులో ఓఐఎస్ లేదు, ఒక్క ఈఐఎస్ మీదే నడిపించారు. 2017లో పిక్సెల్ 2లో రెండూ కలిపారు. అందుకోసం గైరో లెక్కతో పాటు లెన్సు ఏ క్షణాన ఎక్కడుందో ఆ స్థానం కూడా చదివారు. ఓఐఎస్ ఎంత తీసేసిందో తెలిస్తే, మిగిలిందే ఈఐఎస్ తీస్తుంది.

ఈ ఏర్పాటులో ఓఐఎస్ నడక ఊపంతా మోయక్కర్లేదు. ఇందాకటి లెక్కే చూడండి, సెకనుకి 10 డిగ్రీలైనా 1/30 సెకనులో కదిలేది డిగ్రీలో మూడో వంతే. అది లెన్సుకున్న గదిలో ఇమిడిపోతుంది. ఫ్రేము తెరిచి ఉన్నంతసేపు లెన్సు పట్టుకుంటే చాలు, పెద్ద ఊపు ఈఐఎస్ చూసుకుంటుంది. అయినా అడుగు గట్టిగా పడ్డప్పుడు లెన్సు గోడ దగ్గరే ఉందనుకోండి, ఆ ఒక్క ఫ్రేములో బ్లర్ రాక తప్పదు. కొన్ని ప్రోగ్రాములు చీకట్లో కావాలనే ఈఐఎస్‌ని కాస్త తగ్గిస్తాయి, కొంచెం ఊగనిస్తాయి. ఫ్రేము ఊగుతుంటే బ్లర్ ఉన్నా కంటికి సహజంగానే అనిపిస్తుంది. ఫ్రేము కదలకుండా బల్బు ఒక్కటే సాగితేనే అత్తయ్యలు పట్టుకుంటారు. (నవ్వులు)

ఫొటో సంగతి వేరు, అది త్వరగా చెప్పేస్తాను. ఒక్క ఫొటోకి ఈఐఎస్ చేసేదేమీ లేదు. పక్క ఫ్రేమే లేనప్పుడు దేనితో పేరుస్తుంది? అక్కడ ఓఐఎస్‌దే రాజ్యం. గుడి మండపంలో దీపాల వెలుతురు. ఓఐఎస్ లేకుండా 1/60 దగ్గర తీస్తే ఐఎస్‌ఓ 3200 అడిగిందనుకోండి. ఓఐఎస్ ఉండి, చెయ్యి నిలిపి, 1/8 దగ్గర తీయగలిగితే వెలుతురు ఎనిమిది రెట్లు వస్తుంది, ఐఎస్‌ఓ 400కి దిగుతుంది. స్తంభం మీద చెక్కడంలో ఇసుక పోసినట్టుండే నాయిజ్ పోయి రాయి రాయిలా కనబడుతుంది. కానీ ఆ 1/8 సెకనులో పూజారిగారు హారతి తిప్పుతుంటే ఆయన చెయ్యి మసకే. ఓఐఎస్ మన చేతిని ఆపుతుంది, ఎదుటివాళ్ళ చేతిని ఆపదు. అక్కడ షటర్ పెంచి, నాయిజ్‌ని భరించడమే.

నైట్ మోడ్ అంటే, చిన్న చిన్న ఫొటోలు చాలా తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి కలపడం. పేర్చడమనే మాట వినగానే మీకు అర్థమై ఉంటుంది, అది ఈఐఎస్ చుట్టమే. ఒక్కో ఫొటో షార్ప్‌గా ఉంటేనే ఆ పేర్చడానికి విలువ. ఓఐఎస్ ఉన్న ఫోను ఒక్కో ఫొటోకి ఎక్కువసేపు షటర్ తెరవగలదు, అక్కడే తేడా వస్తుంది. జూమ్ చేస్తే ఇది ఇంకా తెలుస్తుంది. మూడు రెట్ల టెలి కెమెరాలో అదే చేతి వణుకు మూడు రెట్లు కనబడుతుంది. అందుకే కొనేటప్పుడు టెలికి ఓఐఎస్ ఉందా అని అడగండి, మెయిన్‌కి ఉందా అని కాదు.

నేనిప్పుడు రాత్రి ఊరేగింపు ఎలా తీస్తున్నానో చెప్తాను. ఆ నడిచే మనిషి మోడ్ ముట్టుకోను. మెయిన్ కెమెరా, 1ఎక్స్, ప్రో వీడియో, షటర్ 1/100. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 1/50, 1/100 పెడితే ఆ మినుకు వీడియోలో పట్టీలుగా పడదు. 1/60, 1/120 పెడితే ట్యూబులైట్ల కింద పడే ప్రమాదముంది. 1/100లో మన కామా 7 పిక్సెళ్ళ నుంచి 2కి వస్తుంది, ఓఐఎస్ ఇంకొంత తీసేస్తుంది. దానికి ధర ఏమిటంటే వెలుతురు మూడో వంతుకి పడిపోతుంది, నాయిజ్ పెరుగుతుంది. ఊరేగింపులో ఎలాగూ పెట్రోమాక్సులు, ఎల్‌ఈడీ బోర్డులు ఉంటాయి కాబట్టి నెట్టుకొస్తాను. మరీ చీకటిగా ఉంటే 1/50 పెట్టి, నడవడం మానేస్తాను. ఒకచోట నిలబడి, మోచేతులు డొక్కలకి ఆనించి, కారుని నా ముందు నుంచి వెళ్ళనిస్తాను. నిలబడిన మనిషి చేతి వణుకు ఓఐఎస్ గదిలో హాయిగా సరిపోతుంది.

*ప్రశ్న: ఎడిటింగ్‌లో తర్వాత స్టెబిలైజ్ చేసుకోవచ్చు కదండీ?*

చేసుకోవచ్చు, కానీ అదీ పేర్చడమే. కామాలు పోవు. ఇంకోటి, తర్వాత చేద్దామనుకుంటే తీసేటప్పుడే షటర్ వేగంగా పెట్టుకోవాలి. 1/30లో తీసి, ఎడిటింగ్‌లో గట్టిగా బిగిస్తే నా వీడియో కంటే దారుణంగా వస్తుంది.

*ప్రశ్న: ఫోన్ ఊపితే లోపల టకటకమంటోంది. ఓఐఎస్ పోయిందా?*

కంగారు పడకండి. స్విచ్చాఫ్‌లో ఉంటే ఆ తేలే లెన్సుని పట్టుకునేవాళ్ళు లేరు కదా, చప్పుడు రావచ్చు. కెమెరా యాప్ తెరవగానే చప్పుడు ఆగితే మంచిదే. కెమెరా తెరిచి బల్ల మీద పెట్టినా బొమ్మ దానంతటదే వణుకుతున్నా, గరగరమని శబ్దం వస్తున్నా అప్పుడు అనుమానించాలి.

*ప్రశ్న: నేను బైకు హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ చూసుకుంటాను. దానికేమన్నా అవుతుందా?*

అవ్వొచ్చండీ. పెద్ద ఇంజన్ బైకుల వణుకు హ్యాండిల్ ద్వారా నేరుగా తగిలితే ఓఐఎస్, ఆటోఫోకస్ పనితీరు దెబ్బతినొచ్చని ఆపిల్ వాళ్ళే 2021లో రాసి పెట్టారు. మోపెడ్లు, స్కూటర్లకి వణుకు కాస్త తక్కువే అయినా, వణుకు తగ్గించే మౌంట్ వాడమన్నారు. నా దగ్గరికి రిపేరుకొచ్చిన ఒక కుర్రాడి ఫోన్ అలాంటిదే. ఫొటో మోడ్‌లో సెల్ఫీ కెమెరా బ్రహ్మాండం, వెనక కెమెరా మాత్రం నీళ్ళలోంచి చూసినట్టు అలలు అలలుగా వచ్చింది. మాడ్యూల్ మార్చాల్సి వచ్చింది. మీరు రోజూ తిరిగేవాళ్ళయితే మ్యాప్ కోసం ఒక పాత ఫోన్, ఓఐఎస్ లేనిది, హ్యాండిల్‌కి పెట్టుకోండి. కెమెరా ఫోన్ జేబులో వేసుకోండి.